కుట్లు బయట పెట్టిన గౌను

నలభై ఏళ్ళ కుట్టుపనిలో టైలర్ తాత దగ్గరికి ఒక్క బట్ట కూడా తిరిగి రాలేదు. అంటే, వచ్చినవి వచ్చాయి. వాటిని ఆయన లెక్కలోకి తీసుకోలేదంతే. చొక్కా బిగుతైందని వచ్చినవాడి పొట్టకు టేపు చుట్టి, అంకె చూపించి, "చొక్కా అక్కడే ఉంది నాయనా, నువ్వే ముందుకొచ్చావు" అనేవాడు. లంగా పొడుగైందన్న ఆవిడకు ఎత్తు చెప్పులు కొనుక్కోమని సలహా ఇచ్చాడు. తప్పు ఎప్పుడూ ఒంటిది, బట్టది కాదు. ఇదీ ఆయన సిద్ధాంతం.

అలాంటి మనిషికి అరవై దాటాక ఒక కస్టమర్ తగిలింది. వయసు రెండున్నరేళ్ళు. ఎత్తు మూడడుగులకు రెండు వేళ్ళు తక్కువ. ఆయన కుట్టిన ప్రతి గౌనూ ఆ ఒంటిమీద పడిన అర నిమిషంలో తిరిగొచ్చేది, అదీ నేరుగా ఆయన మొహం మీదికి.

ఆ కస్టమర్ ఆయన కూతురి కూతురే. అసలు పేరు రేషన్ కార్డులో ఉండేది, ఇంట్లో అందరూ పిడుగు అనేవారు. తల్లి ఆసుపత్రిలో నర్సు. పొద్దున ఆరింటికల్లా వార్డులో ఉండాలి. తండ్రి బస్సు డ్రైవరు, ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిది. పగలంతా పిల్లను చూసుకునేది తాతే. ముందు గదిలో కుట్టుమిషను, వెనక గదిలో పడక, మధ్యలో ఒక తలుపు. ఆ తలుపు గడియ పడదు, ఎందుకంటే దాన్ని బిగించిన వడ్రంగి కూడా తాతలాంటివాడే, తప్పు గోడదేనన్నాడు.

పిడుగు పగలు కాస్త నయం. చీకటి పడితేనే అసలు కష్టం. పడుకోబెట్టడానికి రెండు గంటల యుద్ధం, పడుకున్నాక గంటకో గంటన్నరకో ఒక కేక. మెడ దగ్గర లేబుల్ ఉంటే ఏడుపు. లేబుల్ కత్తిరించాక మిగిలిన మొన ఉంటే ఇంకా పెద్ద ఏడుపు. మేజోడు వేళ్ళ దగ్గరి కుట్టు ఒక పక్కకు జరిగితే ఇల్లు పీకి పందిరేసేది. చెయ్యి కడిగినప్పుడు చొక్కా అంచు తడిస్తే మొత్తం విప్పాల్సిందే. కుక్కర్ కూసినా, మిక్సీ తిరిగినా, రెండు చేతులతో చెవులు మూసుకుని మంచం కిందికి దూరేది. జుట్టు కత్తిరించడానికి వచ్చిన మంగలి సగం తల దగ్గరే చేతులెత్తేసి వెళ్ళిపోయాడు. నెలరోజులు పిల్ల ఒకవైపు నుంచి ఆడపిల్లలాగా, ఇంకోవైపు నుంచి పోలీసులాగా కనిపించింది.

"గారాబం" అని తేల్చింది ఎదురింటి టీచరమ్మ. "రెండు తగిలిస్తే అదే పడుకుంటుంది."

"నా మనవరాలికి తగిలించేవాళ్ళు ముందు నాకు తగిలించాలి" అన్నాడు తాత. అని, ఆ రాత్రే టీచరమ్మ జాకెట్టు చంకల్లో అరంగుళం తగ్గించి కుట్టాడు. ఆయన పగ అలా ఉంటుంది.

అయితే గారాబం కాదని నమ్మినా, ఏమిటో ఆయనకూ తెలియదు. తెలియనప్పుడు చేతిలో ఉన్న విద్యే దిక్కు కదా. పిల్లకు నిద్రగౌను కుట్టడం మొదలుపెట్టాడు. మొదటిది మెరిసే పట్టుగుడ్డతో, మెడ చుట్టూ కుచ్చులు. అర నిమిషం. రెండోది కొత్త కాటన్, గంజిపెట్టి ఇస్త్రీ చేసి మరీ. పదిహేను సెకన్లు. మూడోదానికి ఆయన ప్రాణం పెట్టాడు. గుండెల మీద ఏనుగు ఎంబ్రాయిడరీ, తొండం ఎత్తి దీవిస్తున్నట్టు, నాలుగు రంగుల దారం. ముందునుంచి చూస్తే ఏనుగు నిజంగా నడిచొస్తుందేమో అనిపించేది. పిల్ల దాన్ని తొడిగించుకుని, కిందికి చూసి, "ఏనూ" అని ఒకసారి నవ్వి, మరుక్షణం ఒంటికి నిప్పంటుకున్నట్టు అరిచి విప్పి పారేసింది.

"వెన్నలాగా ఉంది గుడ్డ! ఇదిగో చూడు!" అని తాత ఆ గౌనును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి అల్లుడికి చూపించాడు.

"మావయ్యా, మీరు కుట్టిన దాన్ని కాదనే ధైర్యం ఈ ఇంట్లో దీనికొక్కదానికే ఉంది" అన్నాడు అల్లుడు. అతను పెళ్ళప్పుడు మామగారు కుట్టిన సూటుతో మూడు గంటలు చేతులు కిందికి దించకుండా నిలబడ్డ మనిషి.

ఇలా నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం కూతురు డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా మిషను పక్కన స్టూలు మీద కూర్చుంది.

"నాన్నా, ఇవాళ మందుల ట్రే పట్టుకుని నిలబడే నిద్రపోయాను. పక్కనున్న అమ్మాయి పట్టుకోకపోతే పడిపోయేదాన్ని. ట్రేలో ఎవరి మందు ఎవరికి పెట్టానో గుర్తు లేదు. మళ్ళీ అన్నీ మొదటినుంచి సరిచూసుకున్నాం."

తాత మిషను ఆపాడు.

"ఉద్యోగం మానేస్తాను" అంది కూతురు. "నా చేతిలో ఎవరికైనా ఏదైనా అయితే నేను బతకలేను. ఈ నెలాఖరుకి చెప్పేస్తాను."

కూతుర్ని నర్సు చేయడానికి ఆయన ఎన్ని వేల కాజాలు కుట్టాడో ఆయన కళ్ళద్దాలకు తెలుసు. ఆ తెల్ల యూనిఫాం మొదటిసారి తనే కుట్టి తొడిగి, వీధి చివరిదాకా వెనకాల నడిచాడు, భుజం సరిగ్గా పడిందో లేదో చూసే నెపంతో. నిజానికి ఏడుస్తున్నాడు కాబట్టి వెనక నడిచాడు.

"మానెయ్యొద్దు తల్లీ, ఏదో ఒకటి చేద్దాం."

"చేసేది ఒకటే ఉంది. పిల్లల ఎదుగుదల చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్దాం. మీరు వద్దంటున్నారని ఆగాను."

"ఎందుకు? పిల్లకేం రోగమని? గుండ్రాయిలా ఉంది!"

"రోగమని ఎవరన్నారు నాన్నా? పడుకోవట్లేదు. తిండి నాలుగు రకాలు దాటట్లేదు. చప్పుడంటే వణికిపోతోంది. ఈ వయసుకి మాటలు ఇంకా ఎక్కువ రావాలి. ఇవన్నీ ఒకదాంతో ఒకటి కలిసి ఉన్నాయా, వేరువేరా, చూడమని అడుగుదాం. వేరేవాళ్ళ పిల్లయితే నేనే పొమ్మని చెప్పేదాన్ని. నా పిల్ల దగ్గరికొచ్చేసరికి ఆరు నెలలు ఆగాను."

తాత కత్తెర కింద పెట్టి, "ఎప్పుడు వెళ్దాం?" అన్నాడు.

వెళ్ళేలోపు ఆయన ఇంకో ఘనకార్యం చేశాడు. బరువు దుప్పటి కప్పితే ఎవరైనా పడుకుంటారని ఒక కస్టమరు ఫోనులో వీడియో చూపించింది. తాత వెంటనే దుప్పటికి గళ్ళు గళ్ళుగా సంచులు కుట్టి, వాటిలో ఎండు గింజలు నింపి, నాలుగు కిలోల దుప్పటి తయారుచేశాడు. దాన్ని చంకన పెట్టుకునే కూతురు, అల్లుడు, పిడుగుతో కలిసి ఆసుపత్రికి బయలుదేరాడు, డాక్టరమ్మ చూసి మెచ్చుకుంటుందని.

డాక్టరమ్మ ముందు పిల్లతో నేలమీద కూర్చుని ఆడింది. పేరు పెట్టి పిలిస్తే చూస్తుందా, వేలు చూపించి అడుగుతుందా, బొమ్మకు అన్నం పెట్టినట్టు ఆడుతుందా అని గమనించింది. తర్వాత ప్రశ్నలు. గురక పెడుతుందా? నోరు తెరిచి పడుకుంటుందా? ఊపిరి మధ్యలో ఆగినట్టు అనిపించిందా? ఒళ్ళు దురదా? కాళ్ళు విదిలిస్తుందా? వచ్చిన మాటలు ఏవైనా మళ్ళీ పోయాయా?

"పోలేదండీ" అంది కూతురు. "మెల్లగా వస్తున్నాయి, అంతే."

"మంచిది. పోతే మాత్రం ఒక్క వారం కూడా ఆగకుండా రావాలి. గుడ్డా చప్పుడూ పడకపోవడం చాలామంది పిల్లల్లో ఉంటుంది. అదొక్కటే చూసి నేను ఏ పేరూ పెట్టను. కానీ నిద్ర, తిండి, ఇంటిల్లిపాది దినచర్య, ఇన్ని దెబ్బతింటున్నప్పుడు చూపించుకోవడమే సరి. వినికిడి పరీక్ష చేయిద్దాం. రక్తంలో ఇనుము చూద్దాం, అది తక్కువైనా నిద్ర కుదురుగా ఉండదు. నిద్రమందు మాత్రం ఎవరు చెప్పినా మీ అంతట మీరు వేయకండి." రాసుకుంటూ తలెత్తకుండానే అడిగింది. "ఇంట్లో ఇంకెవరికైనా ఇలా బట్టలు గుచ్చుకునేవా, చిన్నప్పుడు?"

"లేదమ్మా, మా వంశంలో అలాంటివేం లేవు" అన్నాడు తాత ఠీవిగా.

కూతురు ఆయనవైపు తిరిగింది.

"నాన్నా, బనీను చూపించండి."

"ఏంటే?"

"చొక్కా గుండీలు తీసి బనీను చూపించండి."

నలుగురి ముందు పరువు పోకూడదని తాత రెండే గుండీలు తీశాడు. చాలింది. బనీను తిరగేసి ఉంది. కుట్లన్నీ బయటికి.

"ఇది... ఇది అలవాటు" అన్నాడు తాత. "అందరూ ఇలాగే వేసుకుంటారుగా?"

"ఎవరూ వేసుకోరు మావయ్యా" అన్నాడు అల్లుడు మెల్లగా.

అరవై రెండేళ్ళకు ఆ సంగతి మొదటిసారి తెలిసింది టైలర్ తాతకు. ఎప్పుడు మొదలైందో వెతుక్కుంటే ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది. ఆరేడేళ్ళ వయసు. బరక చొక్కా తొడుక్కోనని మొండికేస్తే నాన్న వీపు చిట్లేలా కొట్టి, అదే చొక్కా ఆ వీపు మీద తొడిగాడు. మొండిఘటం అని పేరు పెట్టారు. ఆ పేరు పెళ్ళయ్యేదాకా పోలేదు. గుచ్చుకుంటోందని చెప్పడం ఆయనకూ అప్పట్లో చేతకాలేదు. ఇవేవీ ఆయన డాక్టరమ్మకు చెప్పలేదు. "ఉన్నట్టే ఉందమ్మా, మా వైపు" అని గుండీలు పెట్టుకున్నాడు.

అక్కడినుంచి పక్క గదికి పంపారు. అందులో ఉయ్యాలలు, పరుపులు, రంగుల బంతులు, మధ్యలో ఒక కుర్రాడు. పిల్లలకు స్పర్శా చప్పుడూ అలవాటు చేసే థెరపిస్టు. తాత అతనికి అప్పటికప్పుడే ఉయ్యాల మాస్టారని పేరు పెట్టేశాడు. మాస్టారు ముందుగా దుప్పటి అందుకుని, దాని బరువుకు ఒక పక్కకు ఒరిగాడు.

"తాతగారూ, ఇది వద్దు. ఇంత చిన్నపిల్ల దీన్ని తనంతట తను తీసేసుకోలేదు. మొహం మీదికి వస్తే ఊపిరాడదు. కుట్టు ఊడితే గింజ గొంతులో పడుతుంది."

"నా కుట్టు ఊడదు" అన్నాడు తాత ఉక్రోషంగా. కానీ ఊపిరి అనే మాట విన్నాక దుప్పటి మడిచి కుర్చీ కిందికి తోసేశాడు.

తర్వాత తాత సంచిలోంచి ఏనుగు గౌను బయటికి వచ్చింది. "వెన్నలాగా ఉంటుంది" అన్నాడు తాత, వేళ్ళతో నలుపుతూ.

"మీ వేళ్ళు చూపిస్తారా?"

చూపించాడు. నలభై ఏళ్ళ సూది పోట్లకు ఆ వేళ్ళ కొనలు తోలులా గట్టిపడి ఉన్నాయి. మాస్టారు గౌను తిరగేసి, ఏనుగు వెనకవైపును తాత బుగ్గకు ఆనించి మెల్లగా రుద్దాడు. నాలుగు రంగుల దారం ముళ్ళు, కత్తిరించిన కొనలు, వెనకాల అట్టలాంటి గుడ్డ.

"అబ్బా!" అన్నాడు తాత. పక్కనే ఉన్న పిడుగు తాతను చూసి, తనకు అంతా ముందే తెలుసన్నట్టు తలూపింది.

"మీ వేళ్ళను నమ్మకండి. బుగ్గను అడగండి, మణికట్టు లోపలివైపు అడగండి" అన్నాడు మాస్టారు. ఇన్నేళ్ళలో ఆ వేళ్ళను అంతమాట అన్నవాడు లేడు. తాతకు కోపం రావలసింది. రాలేదు. చిన్నపిల్లాడిలా బుగ్గ రుద్దుకుంటూ కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో కొత్త చట్టం వచ్చింది. తాత తన పాత పంచె తీశాడు, వందసార్లు ఉతికి మెత్తబడ్డది. దాంతో ఎలాస్టిక్, లేబుల్, గుండీ ఏవీ లేకుండా వదులుగా రెండు గౌన్లు కుట్టాడు, ఒకేలాంటివి రెండు. కుట్లన్నీ బయటికి. దారి తప్పినవాడిలా మాటిమాటికీ గౌను తిరగేసి చూసుకున్నాడు. వీధిలోకి కనపడే గది కదా, ఎవరైనా చూస్తే ఈయనకు కుట్టు మర్చిపోయిందనుకుంటారని తలుపు వేసుకుని కుట్టాడు. మెత్తబడ్డ పాత దుప్పటే పక్కమీద పరిచారు. కీచుమనే ఫ్యానుకు అల్లుడు నూనె వేశాడు. ఒకే శ్రుతిలో మెల్లగా గాలి వీస్తున్నట్టు వినిపించే చప్పుడును ఫోనులో పెట్టి, గదిలో మనం గుసగుసలాడినా వినపడేంత తగ్గించి, పిల్లకు దూరంగా ఆ మూలన ఉంచారు. చప్పుడు అసలు లేకపోవడం కన్నా, ఆగి ఆగి ఉలిక్కిపడేలా వచ్చే చప్పుడే పిల్లకు చేటని మాస్టారు చెప్పాడు. మరి ఆగి ఆగి వచ్చేది ఏమిటి? ముందు గదిలో రాత్రి తొమ్మిదింటిదాకా టకటక, టకటకటక, ఆగడం, మళ్ళీ టక. తాత పంటి బిగువున ఏడింటికే మిషనుకు ముసుగేశాడు. కస్టమర్లు గోల పెడితే, "మిషను పడుకుంది, మెల్లగా మాట్లాడండి" అన్నాడు.

అల్లుడికీ వాటా పడింది. అతను తొమ్మిదింటికి వచ్చి పిల్లను గాల్లోకి ఎగరేసి పట్టుకోవడం నాన్నతనమనుకునేవాడు. నిద్రవేళకు ఎగరేయకూడదని చెప్పి, మాస్టారు వేరే పని ఇచ్చాడు. పిల్ల మెలకువగా ఉన్నప్పుడు, తల బయట పెట్టి, దుప్పటిలో గుడ్డల తానులాగా మెల్లగా చుట్టడం, భుజాలూ కాళ్ళూ అరచేత్తో గట్టిగా, నిదానంగా అదమడం. చాలంటే వెంటనే ఆపాలి. దానికోసం అతను షిఫ్టు మార్చుకుని ఏడున్నరకే రావడం మొదలుపెట్టాడు. తాత గుడ్డముక్కలతో అట్టల మీద ఐదు బొమ్మలు చేశాడు: స్నానం, గౌను, తాను చుట్టడం, కథ, దీపం. ఒక్కో పని అవగానే పిడుగు ఆ అట్టను తీసి డబ్బాలో పడేసేది. డబ్బాలో పడేసే ఆ అధికారం ఆమెకు ఎంతో నచ్చింది.

అన్నీ ఒకేసారి మార్చొద్దన్నాడు మాస్టారు, రెండు మూడు రోజులకు ఒకటి మార్చి రాసి పెట్టుకోమన్నాడు. మూడో వారానికి నిద్ర పట్టడానికి రెండు గంటలు కాస్తా నలభై నిమిషాలైంది. అందరూ మురిసిపోయారు. ఆ మురిపెంలో అల్లుడు రెండు గౌన్లూ ఉతికి, మల్లెపూల వాసన వచ్చే ద్రవం ఒక మూత ఎక్కువే పోశాడు. ఆ రాత్రి పిడుగు గౌను వాసన చూసి, ముక్కు మూసుకుని, నాన్నను ఇంట్లోకి ఎవరు రానిచ్చారన్నట్టు చూసి మొదలుపెట్టింది. మూడు రాత్రులు మళ్ళీ మొదటికొచ్చాయి. కూతురు గోడకు ఆనుకుని ఏడ్చింది, నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులే ఉంది. తాత గౌన్లను వాసన పోయేదాకా ఆరుసార్లు వట్టి నీళ్ళలో జాడించాడు. అల్లుణ్ణి ఒక్క మాట అనలేదు, బాల్చీకి దూరంగా కూర్చోమన్నాడంతే.

ఈలోపు పరీక్షల ఫలితాలు వచ్చాయి. చెవులు బాగున్నాయి. ఇనుము తక్కువ, చుక్కల మందు రాశారు. మాటలు కాస్త వెనకబడ్డాయి కాబట్టి మాటల థెరపీ మొదలుపెట్టి, మూడు నెలలకు మళ్ళీ చూద్దామన్నారు. పేరేమిటని తాత అడిగితే, "ఇప్పుడే చెప్పలేను, చెప్పాల్సి వస్తే దాచను. ఈలోపు చేయాల్సింది మీరు చేస్తూనే ఉన్నారు" అంది డాక్టరమ్మ. భయం పోలేదు. కానీ ఇప్పుడు ఆ భయాన్ని ఇంట్లో ముగ్గురు పంచుకుంటున్నారు.

నెలలో ఆఖరి రోజు తెల్లవారుజామున ఐదు కావస్తోంది. తాత ముందు గదిలో కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. తలుపు కదిలింది. పిడుగు ఒంటిమీద బట్ట లేకుండా, గౌను చేత్తో ఈడ్చుకుంటూ వచ్చింది. ఇక కేక వస్తుందని, లోపల కూతురు లేస్తుందని తాత ఎదురుచూశాడు.

కేక రాలేదు. పిల్ల గౌనును ఆయన ఒడిలో పెట్టి, చంక దగ్గర కుట్టు చూపించి, "తాతా, గుచ్చు" అంది.

అదివరకు ఆ మాట ఆమె నోట రాలేదు. తాత గౌను దీపం దగ్గర పెట్టి చూశాడు. ఏమీ లేదు. మణికట్టుకు రుద్దాడు. ఏమీ లేదు. బుగ్గకు ఆనించి, కళ్ళు మూసుకుని, చాలాసేపు అడిగాడు. బుగ్గ కూడా ఏమీ లేదంది. గౌనులో ఏ లోపమూ లేదు. ఆయన కుట్టిన వాటిలోకెల్లా మంచి కుట్టు అది.

"అవునమ్మా, గుచ్చుతోంది" అన్నాడు తాత. "నువ్వు చెప్పావుగా."

పిల్లను ఆ పాత పంచె మిగులు ముక్కలో చుట్టి ఒడిలో కూర్చోబెట్టుకుని, బ్లేడు తీసి ఆ కుట్టు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. పిల్ల చూస్తూ చూస్తూ ఆయన మోచేతి మీద తల వాల్చేసింది. రాత్రి ఎనిమిదిన్నరకు పడుకున్నది ఇప్పుడే లేచిందని, మధ్యలో ఎవరూ లేవలేదని ఆయనకు అప్పుడు తట్టింది. లోపలి గదిలో కూతురు ఇంకా నిద్రపోతోంది. డ్యూటీకి లేపడానికి ఇంకా పావుగంట టైముంది. తాత ఆ పావుగంటా కదలకుండా కూర్చున్నాడు.